తాళం వేస్తున్న ఎడమ చెయ్యి: డ్రోన్ తెరవగానే హార్మోనియం కుదుపు పట్టిన ఒక కేసు

నేపథ్యం

ఆయన వయసు అరవై దాటింది. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్నాక భజనల్లో పాడటం మొదలుపెట్టారు. గొంతులో శ్రుతి నిలుస్తుంది, తాళం గట్టిది. కొన్నేళ్లు చిడతలు పట్టుకుని భజన నడిపిన మనిషి కాబట్టి లయ ఆయన ఒంట్లోనే ఉంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆయన ఇబ్బందికి మూలం ఇక్కడే ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా దగ్గరికి వచ్చేసరికే హార్మోనియం మీద ఆరు నెలల సొంత సాధన ఉంది. సరళీ స్వరాలు వచ్చు. రెండు మూడు నామావళులు కుడిచేత్తో తడబాటు లేకుండా వాయిస్తారు. తనతో పాటు డ్రోన్, అంటే మెట్టు నొక్కకుండానే ఒకే స్వరాన్ని ఆగకుండా పలికే ఏర్పాటు, మోగుతూ ఉండగా, దాని మీద ఒక చిన్న భజన వరుస వాయిస్తూ పాడాలన్నది కోరిక. అంతకు మించి ఏమీ అడగలేదు.

వచ్చిన ఇబ్బంది

మొదటి రోజు డ్రోన్ లేకుండా వాయించమన్నాను. బాగానే ఉంది. అక్కడక్కడా కాస్త ఒత్తు వినిపించినా పాటను చెడగొట్టేంత కాదు. తర్వాత డ్రోన్ తెరిచారు. రెండు విషయాలు ఒకేసారి బయటపడ్డాయి.

మొదటిది సులువైనది. ఆయన తెల్ల మెట్టు మీద ‘స’ పెట్టుకుని, అంటే ఒకటో శ్రుతిలో, నేర్చుకున్నారు. లాగిన డ్రోన్ మాత్రం పక్కనున్న నల్ల మెట్టు స్వరం. రెండూ కలిసి చెవిలో గుచ్చుకున్నాయి. మన హార్మోనియంలలో డ్రోన్లు చాలావరకు ఐదు నల్ల మెట్ల స్వరాలకే ఉంటాయి. ఏ నాబ్ ఏ స్వరమో తెలియాలంటే మెట్టు ఏదీ నొక్కకుండా ఒక్కొక్క నాబే లాగి, ఆ ధ్వనితో కలిసిపోయే మెట్టును వెతుక్కోవాలి. ఆయన వాద్యంలో ఒకటిన్నర శ్రుతికి, అంటే ఆ పక్క నల్ల మెట్టును ‘స’గా పెట్టుకుంటే, ‘స’, ‘ప’ రెండింటికీ డ్రోన్లు దొరికాయి. గొంతుకు అర మెట్టు పైకి వెళ్లడం కష్టం కాలేదు. కనుక పాటనే ఒకటిన్నరకు మార్చాం.

రెండోది అసలు సమస్య. ‘స’, ‘ప’ డ్రోన్లు తెరిచి పాట మొదలుపెట్టగానే ధ్వని ఉబుకుతూ, కుంగుతూ సాగింది. ప్రతి రెండు అక్షరాలకీ ఒక తోపు, దాని వెనకే ఒక నీరసం. మూడో పంక్తికి వచ్చేసరికి ఊపిరి అందని మనిషి మాట్లాడుతున్నట్టుంది. ఆయన ఆపేసి, “మాస్టారూ, పెట్టెలో గాలి నిలవట్లేదండీ, రిపేరుకు ఇవ్వాలేమో” అన్నారు.

వాద్యమా, చెయ్యా?

ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేదు. లోపలి తిత్తి తోలు చిరిగినా, అతుకుల దగ్గర గాలి పోతున్నా ఇలాగే వినిపిస్తుంది. చేతిని దిద్దే ముందు పెట్టెను చూడాలి, లేకపోతే వాద్యం తప్పుకు మనిషిని వేధించినట్టవుతుంది.

లోపలి గాలి దారులను తెరిచి మూసే స్టాపర్లన్నీ మూసేసి తిత్తి కొట్టాను. నాలుగైదు సార్లకు లోపలి తిత్తి నిండి, బయటి తిత్తి అరచేతికి గోడలా ఎదురు నిలిచింది. అలాగే నొక్కి పట్టుకున్నాను. గాలి ఎక్కడైనా పోతుంటే చెయ్యి మెల్లగా లోపలికి దిగుతూ ఉండాలి. కాసేపు చూశాను, దాదాపు కదల్లేదు. తర్వాత ప్రధాన స్టాపర్ ఒకటి తెరిచి, మెట్టు నొక్కకుండా కొట్టాను. ఏ మెట్టూ సన్నగా పలకలేదు, అంటే మెట్ల కింది మూతలు సరిగానే కూర్చుంటున్నాయి. ఆఖరికి ఆయన వాయించిన వరుసనే, అవే డ్రోన్లతో నేను వాయించాను. కుదుపు లేదు. పెట్టె బాగానే ఉంది.

చేసి చూసినవి, పనిచేయనివి

“తిత్తి గట్టిగా కొడుతున్నారు, మెల్లగా కొట్టండి” అన్నాను. ఎవరైనా ముందు చెప్పే మాట ఇదే. ఆయన మెల్లగా కొట్టారు. తోపు తగ్గింది కానీ కుంగుబాటు ఎక్కువైంది. నాలుగో పంక్తి దాకా కూడా గాలి చాలలేదు. భయపడి మళ్లీ గట్టిగా కొట్టారు. వారం పాటు ఈ రెండింటి మధ్యే ఊగాం.

తర్వాత మెట్రోనోమ్ పెట్టాను. నిమిషానికి అరవై దెబ్బలు, రెండు దెబ్బలకొకసారి తిత్తి. చెయ్యి ఒక పద్ధతికి వస్తుందని నా ఆలోచన. పద్ధతికి వచ్చింది, అదే చెరుపు చేసింది. అంతవరకూ అటూ ఇటూ పడే తోపు ఇప్పుడు అచ్చంగా తాళం దెబ్బల మీద పడసాగింది. ధ్వనిలో తాళం వినిపిస్తున్నందుకు ఆయన సంతోషించారు కూడా. నాకు మాత్రం డ్రోన్ మద్దెలలా కొట్టుకుంటోంది. డ్రోన్ ఉండేదే పాట కింద కదలని నేలలా. నేలే ఊగితే దాని మీద స్వరం నిలబడదు.

అప్పుడు దానికి విరుగుడుగా ఇంకో తప్పు చేశాను. తాళం ఎనిమిదికి నడుస్తుంటే తిత్తిని మూడుకొకసారి కొట్టమన్నాను. మూడూ ఎనిమిదీ కలవవు కాబట్టి తోపు తాళం నుంచి విడిపోతుందనుకున్నాను. కాగితం మీద సరైన మాటే. కానీ ఒక మనిషి కుడిచేత్తో వరుస వాయిస్తూ, నోటితో పాడుతూ, మనసులో రెండు లెక్కలు పెట్టుకోవడం కుదిరే పని కాదు. రెండు పాఠాల తర్వాత ఆయన పాట మరచిపోవడం మొదలైంది. ఆపేశాను.

శబ్దం తీసేసి చూసినప్పుడు

ఆయన అనుమతితో ఎడమచేతిని ఫోన్లో వీడియో తీశాను. ఇంటికి వెళ్లి మొదట శబ్దంతో చూశాను, కొత్తగా ఏమీ తెలియలేదు. చెవి ముందే ‘కుదుపు’ అని తేల్చేస్తుంటే కన్ను సరిగా చూడట్లేదు. రెండోసారి శబ్దం తీసేసి చూశాను.

తెరిచేటప్పుడు చెయ్యి తీరుబడిగా వెనక్కి వస్తోంది. పూర్తిగా, తిత్తి మడతలన్నీ విప్పుకునే దాకా. అక్కడ ఒక క్షణం ఆగుతోంది. తర్వాత ఒక్క ఊపున టప్పున మూసుకుంటోంది. అది చిడతలు కొట్టే చెయ్యి! వెనక్కి తీసి, తాళం దెబ్బ దగ్గర వేస్తున్నారు. కొన్నేళ్ల అలవాటు తిత్తిలోకి వచ్చేసింది.

ఇది ఎందుకు చేటు చేస్తుందో తెలియాలంటే పెట్టె లోపల గాలి నడక తెలియాలి. బయటి తిత్తి తెరిచినప్పుడు బయటి గాలి దానిలోకి వస్తుంది, అంతే. ఆ సమయంలో రీడ్లకు, అంటే గాలికి కదిలి స్వరం పలికే లోహపు రేకులకు, కొత్త గాలి ఏమీ అందదు. మూసినప్పుడే ఆ గాలి తోలు మూతను నెట్టుకుని లోపలి తిత్తిలోకి పోతుంది. లోపలి తిత్తిని స్ప్రింగులు అదిమి ఉంచుతాయి. రీడ్లను నిలకడగా పలికించేది ఆ స్ప్రింగుల ఒత్తిడే, మన చెయ్యి కాదు. మన పని ఆ లోపలి తిత్తి ఖాళీ కాకుండా, కిక్కిరిసిపోకుండా చూడటం. ఖాళీ అయితే ధ్వని కుంగుతుంది. పూర్తిగా నిండిపోతే స్ప్రింగు ఇక సర్దుబాటు చేయలేదు, చేతి తోపు నేరుగా రీడు మీద పడుతుంది.

ఆయన చేతి తీరు ఈ రెండు తప్పులనూ వంతులవారీగా చేయిస్తోంది. నెమ్మదిగా తెరుస్తున్నంత సేపూ లోపలి తిత్తి ఒక్కటే భారం మోసి అడుగంటుతోంది. ఆ వెంటనే టప్పున మూసినప్పుడు నిండు తిత్తెడు గాలి ఒక్కసారిగా వచ్చి పడుతోంది.

మరి డ్రోన్ లేనప్పుడు ఎందుకు బాగుంది? తర్వాతి పాఠంలో ఇద్దరం కలిసి కొలిచాం. లోపలి తిత్తిని నింపి, ఎడమ చెయ్యి పూర్తిగా తీసేసి, ధ్వని ఆగే దాకా సెకన్లు లెక్కపెట్టాం. ఒకే ప్రధాన స్టాపర్‌తో మధ్య స్థాయి ‘స’ సుమారు 14 సెకన్లు నిలిచింది. ‘స’ డ్రోన్ తోడైతే 8. ‘ప’ డ్రోన్ కూడా తెరిస్తే 5. ఈ అంకెలు ఆ ఒక్క పెట్టెవి, ఇంకో పెట్టెలో వేరుగా ఉంటాయి. కానీ తగ్గే తీరు ఎక్కడైనా ఇదే. తెరిచిన ప్రతి రీడూ అదే గాలిని పంచుకుంటుంది, మంద్ర రీడ్లు ఇంకా ఎక్కువ తాగుతాయి. పద్నాలుగు సెకన్ల నిల్వ ఉన్నప్పుడు చేతి తప్పును లోపలి తిత్తి కప్పిపుచ్చింది. ఐదు సెకన్ల నిల్వకు వచ్చేసరికి దాయలేకపోయింది. తప్పు మొదటి నుంచీ ఉన్నదే.

ఆ లెక్క చూశాక ఆయనే అన్నారు: “అయితే డ్రోన్ వేసిందాకా నా తప్పు నాకు తెలియలేదన్నమాట.”

పనిచేసినది

తిరగేశాం. తెరవడం చటుక్కున, మూయడం నెమ్మదిగా. తెరవడం కూడా పూర్తిగా కాదు, మూడో వంతు చాలు. మూయడానికి పట్టే సమయం తెరవడానికి పట్టేదానికి అయిదారు రెట్లు ఉండాలి. చెయ్యి పెట్టే తీరూ మార్చాం. అంతకుముందు భుజం నుంచి తోసేవారు. ఇప్పుడు బొటనవేలు పెట్టె అంచుకు ఆనించి, నాలుగు వేళ్లతో తిత్తి పై అంచును పట్టుకుని, మణికట్టు నుంచి కదపమన్నాను. బొటనవేలు కదలకుండా ఆనుకుని ఉంటే భుజం దానంతటదే ఊరుకుంటుంది.

కానీ ఎన్నాళ్లనుంచో ఉన్న అలవాటు మాటతో పోదు. పాట వినబడితే చాలు, చెయ్యి మళ్లీ చిడతలు కొడుతుంది. అందుకే రెండు వారాలు పాట పూర్తిగా తీసేశాను. కుడిచెయ్యి ఒడిలో. ‘స’ డ్రోన్ ఒక్కటే తెరిచి, ఎడమచేత్తో దాన్ని నిలపడమే సాధన, రోజుకు పది నిమిషాలు. తాళం లేదు, లెక్క లేదు. చూడాల్సింది ఒక్కటే: అరచేతికి తగిలే ఎదురు.

ఇది మాటల్లో చెప్పడం కష్టం, అందుకే నా చేతి కింద ఆయన చెయ్యి పెట్టించి చూపించాను. లోపలి తిత్తి తగ్గిపోయినప్పుడు బయటి తిత్తి బరువు లేనట్టు లోపలికి జారిపోతుంది. నిండుతున్న కొద్దీ అరచేతి కింద మెత్తని ఎదురు వస్తుంది, బాగా ఊదిన బెలూన్‌ను నొక్కినట్టు. పూర్తిగా నిండితే గట్టిగా ఆగిపోతుంది. ఆ మెత్తని ఎదురు పోకుండా, గట్టిపడకుండా ఉంచుకోవాలి. ఎదురు సన్నగిల్లుతోందని అరచేతికి తెలిసినప్పుడు తెరవాలి, అది తాళంలో ఎక్కడ వచ్చినా సరే. మెట్రోనోమ్ చెయ్యలేనిది ఇక్కడ జరిగింది. చేతికి లెక్క కాకుండా ఇంకొక గుర్తు దొరికింది. తాళం నుంచి చేతిని విడదీయడానికి నేను పెట్టిన లెక్కలన్నీ మళ్లీ లెక్కలే కదా, అందుకే అవి పనికి రాలేదు.

మూడో వారం ‘ప’ డ్రోన్ కలిపాం. ఎదురు త్వరగా సన్నగిల్లుతుంది, చెయ్యి కాస్త తరచుగా తెరుస్తుంది, అంతే తేడా. దాని మీద నోటితో మాత్రమే భజన పాడమన్నాను. ఇక్కడ మళ్లీ రెండు రోజులు చిడతలు తిరిగొచ్చాయి. ఆయన కుడిచేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ పాడినప్పుడు అది తగ్గింది. లయకు వేరే చోటు దొరికాక ఎడమ చెయ్యి వదిలేసింది.

అప్పుడు వరుస. మోహన రాగం స్వరాలతో ఎనిమిది అక్షరాల పంక్తులు నాలుగు, రామనామం మీద నేనే కట్టాను. కామా ఉన్న చోట ముందు స్వరం ఇంకో అక్షరం నిలుస్తుంది.

గ గ రి స | రి గ ప ,
ప ద ప గ | గ రి స ,
ప ద సా , | సా ద ప ,
ప ద ప గ | గ రి స ,

‘సా’ అంటే ఇక్కడ పై ‘స’. ఒకటిన్నర శ్రుతిలో మోహన పట్టుకోవడానికి ఒక మంచి కారణం ఉంది. స, రి, ప, ద నాలుగూ నల్ల మెట్లు, గ ఒక్కటే తెల్లది. స మీద చూపుడు వేలు, రి మీద మధ్య వేలు, గ మీద బొటనవేలు, మళ్లీ ప మీద చూపుడు, ద మీద మధ్య, పై స మీద ఉంగరపు వేలు. బొటనవేలు ఒక్కసారి కింది నుంచి దాటితే చాలు, కంటితో చూడకుండానే చెయ్యి దారి కనుక్కుంటుంది. కుడిచెయ్యి మీద పెట్టే ధ్యాస ఎంత తగ్గితే ఎడమ అరచేతికి అంత మిగులుతుంది. తెల్ల మెట్లు సులువని ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టేవాళ్లకు ఇది తిరకాసుగా కనిపిస్తుంది కానీ, నల్ల మెట్లు ఎత్తుగా ఉండటం వల్ల వేలికి తడిమి తెలుస్తాయి.

పంక్తి చివర నిలిచే ‘ప’, ‘స’ల దగ్గరే నా చెవి పెట్టాను. కదిలే స్వరాల్లో కుదుపు దాక్కుంటుంది, నిలిచిన స్వరంలో దాక్కోలేదు. అయిదో వారం చివరికి నాలుగు పంక్తులూ రెండు సార్లు, రెండు డ్రోన్లతో, ఎక్కడా తోపు లేకుండా సాగాయి.

చేతిది కాని అల

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాతి పాఠానికి ఆయన దిగాలుగా వచ్చారు. “మాస్టారూ, మళ్లీ మొదటికొచ్చిందండీ. డ్రోన్లు రెండూ మోగుతుంటే ఏదో అలలా ఊగుతోంది. ‘గ’ పట్టుకుంటే గరగరమంటోంది. చెయ్యి ఎంత సరిచేసుకున్నా పోవట్లేదు.”

విన్నాను. నిజమే, ఉంది. ముందు తోపులు ఉన్నప్పుడు వాటి కింద అణిగిపోయిన అల, ధ్వని నిలకడగా నిలిచాక ఇప్పుడు బయటికి వచ్చింది. చేతిదా కాదా తేల్చడానికి ఒక చిన్న పరీక్ష చేశాం. లోపలి తిత్తి నింపి, ‘స’, ‘ప’ డ్రోన్లు మోగుతుండగా ఎడమ చెయ్యి ఎత్తేశాను. ఉన్న ఆ కాసిన్ని సెకన్లలోనూ అల అదే వేగంతో ఊగుతోంది. చెయ్యి లేనప్పుడు కూడా ఉన్నది చేతి తప్పు కాదు.

అది శ్రుతి చేసిన పద్ధతిలోది. హార్మోనియంలో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి రీడ్లను శ్రుతి చేస్తారు. ఆ లెక్కలో ‘ప’ స్వచ్ఛమైన పంచమం కన్నా ఒక సన్నని వెంట్రుక వాసి తక్కువ ఉంటుంది. మధ్య స్థాయిలో ఒకటిన్నర శ్రుతి ‘స’, ‘ప’ కలిసి మోగితే దాని వల్ల సెకనుకు దాదాపు ఒక అల పుడుతుంది. అంతర గాంధారం, అంటే మోహనలోని ‘గ’, ఇంకా ఎక్కువ తప్పుతుంది, స్వచ్ఛమైన చోటికి అర మెట్టులో ఏడో వంతు పైన ఉంటుంది. డ్రోన్ మీద దాన్ని నిలిపితే అల ఎంత వేగంగా కొట్టుకుంటుందంటే, చెవికి అల కాకుండా గరుకుగా వినిపిస్తుంది. ఆయన ‘గరగర’ అన్నది సరిగ్గా అదే. తంబూరా మీద పాడి అలవాటైన గొంతు గాంధారాన్ని కాస్త కిందే పెడుతుంది. అందుకే ఆయనకే ముందు గుచ్చుకుంది.

ఈ అల సెకనుకు ఒకటికి మించి, డ్రోన్ ‘స’, మెట్టు ‘స’ రెండూ కలిసి మోగినప్పుడు కూడా వినిపిస్తే అది వేరే సంగతి. అప్పుడు ఆ రెండు రీడ్లలో ఒకటి శ్రుతి తప్పినట్టు, దాన్ని శ్రుతి చేసే పనివాడికి చూపించాలి. ఇక్కడ అలా లేదు.

కనుక చేతి మీద ఇంకేమీ దిద్దలేదు. వరుసలో మార్పు ఏమీ లేకుండా, ‘గ’ మీద ఎక్కడా నిలవకుండా దాటిపొమ్మన్నాను. ఎలాగూ ఆ నాలుగు పంక్తుల్లో నిలిచే స్వరాలు ‘ప’, ‘స’లే. పాడేటప్పుడు తన గొంతు గాంధారాన్ని హార్మోనియానికి లొంగదీయవద్దని, తన చోటనే పెట్టమని చెప్పాను. డ్రోన్ నాబ్‌ను సగమే లాగి దాని ధ్వని తగ్గించే ఉపాయం కూడా ఆయన ఎవరి దగ్గరో విని వచ్చారు. అది వద్దన్నాను. గాలి ఇరుకైతే రీడు సరిగా పలకదు, శ్రుతి కూడా కదలొచ్చు. డ్రోన్ మరీ గట్టిగా ఉంటే ‘ప’ మూసేసి ‘స’ ఒక్కటే ఉంచుకోవడం మేలు.

ఈ కేసులో నేను మార్చుకున్నవి

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ల చేత మొదటి వారంలోనే, స్వరాలకు ముందే, డ్రోన్‌తో చెయ్యి పెట్టిస్తున్నాను. తర్వాత తెరుద్దాంలే అని ఆగితే ఆరు నెలల తప్పు ఆ పద్నాలుగు సెకన్ల నిల్వ వెనక దాక్కుంటుంది. “మెల్లగా కొట్టండి” అనే మాట మానేశాను. బదులుగా “మూసేటప్పుడు అరచేతికి ఏం తెలుస్తోంది?” అని అడుగుతున్నాను.

ఒకటి మాత్రం ఇంకా తీరలేదు. భజనలో వేగం పెరిగి, పది మంది చప్పట్లు కొట్టేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి ఇప్పటికీ చిడతల వైపు జారుతుంది. దానికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. వేగం ఎక్కే పంక్తికి ముందు నిలిచే ‘స’ దగ్గర ఆయన కుడిచెయ్యి ఒక్క క్షణం మెట్ల మీద నుంచి తీసి ‘ప’ డ్రోన్ మూసేస్తారు. ‘స’ డ్రోన్ ఎలాగూ మోగుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ వినిపించదు. ఎనిమిది సెకన్ల నిల్వ వచ్చేస్తుంది, చెయ్యి కాస్త తప్పినా పెట్టె కాస్తుంది.